ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టాక

పెన్ను మూత తీసి అందించేది వడ్డీ వ్యాపారే. బల్ల మీద రెండు చెక్కులు, రెవెన్యూ స్టాంపు అంటించిన ప్రామిసరీ నోటు ఒకటి ఉంటాయి. "ఇక్కడొకటి, ఇక్కడొకటి, స్టాంపు మీదుగా ఇక్కడొకటి పెట్టు తమ్ముడూ. మిగతాది నేను రాసుకుంటాలే" అంటాడు. చెక్కులో పేరు లేదు, తేదీ లేదు, అంకె లేదు. నోటులో ఎంత అప్పో, ఎంత వడ్డీయో లేదు. అప్పు కోసం వచ్చినవాడికి ఆ క్షణంలో కనిపించేది ఎదురుగా ఉన్న డబ్బు కట్ట. ఆస్పత్రి బిల్లో, కాలేజీ ఫీజో, కొట్టులో సరుకో గుర్తొస్తుంది. మూడు సంతకాలూ అర నిమిషంలో అయిపోతాయి.

తెలుగు రాష్ట్రాల్లో చిన్న పట్టణాల్లో, మండల కేంద్రాల్లో ప్రైవేటు అప్పు ఇలాగే పుడుతుంది. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ వ్యవహారం బయటపడినప్పుడు పోలీసుల సోదాల్లో దొరికినవీ ఇవే: సంతకాలు మాత్రమే ఉన్న చెక్కులు, ఖాళీ ప్రామిసరీ నోట్లు, ఇళ్ల కాగితాలు. ఆ కేసుల్లో బెదిరింపులు, మహిళల మీద వేధింపులు పతాక శీర్షికలకెక్కాయి. అంత దారుణం లేకుండా, ఎవరూ గొంతు పెంచకుండా, కోర్టు మెట్ల మీద నిశ్శబ్దంగా నలిగిపోయేవాళ్ల కథ మాత్రం పెద్దగా బయటికి రాదు. ఖాళీ చెక్కు ఇచ్చినవాడికి చట్టం అండగా ఉంటుందని చాలామంది నమ్మకం. "ఖాళీ చెక్కు చెల్లదు కదా", "రాసింది నా దస్తూరి కాదు కదా" అని ధీమాగా ఉంటారు. ఆ రెండు మాటలూ తప్పే.

చట్టం చెప్పేది ఇది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 20వ సెక్షన్ ఉంది. స్టాంపు వేసిన ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి మరొకరి చేతిలో పెడితే, దాన్ని నింపుకునే అధికారం కూడా ఇచ్చినట్టేనని దాని సారాంశం. ప్రామిసరీ నోటుకు నేరుగా వర్తించే సూత్రం ఇది. చెక్కు విషయంలో 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకా సూటిగా చెప్పింది. సంతకం చేసిన ఖాళీ చెక్కును ఏదో ఒక చెల్లింపు కింద ఇష్టపూర్వకంగా ఇస్తే, పుచ్చుకున్నవారు అంకె, ఇతర వివరాలు నింపుకోవచ్చు. అంతమాత్రాన చెక్కు చెల్లకుండా పోదు. దస్తూరి ఎవరిదన్నది పెద్ద విషయం కాదని 2022లో మరో తీర్పులోనూ అదే కోర్టు స్పష్టం చేసింది. సంతకం తనదేనని ఒప్పుకున్నాక, పై రాతను చేతిరాత నిపుణుడికి పంపినా ఒరిగేది పెద్దగా ఉండదు.

దీని వెనక ఉన్న అసలు ఆయుధం అదే చట్టంలోని 139వ సెక్షన్. చెక్కు మీద సంతకం ఉందంటే, అది నిజమైన బాకీ కిందే ఇచ్చిందని కోర్టు మొదట అనుకుంటుంది. మామూలు క్రిమినల్ కేసులో నేరం జరిగిందని రుజువు చేయాల్సింది ఫిర్యాదు చేసినవారు. ఇక్కడ ఆ బరువు తిరగబడి సంతకం పెట్టినవారి నెత్తిన పడుతుంది. బాకీ లేదనో, అంత బాకీ లేదనో తనే చూపించుకోవాలి. అయితే ఒక ఊరట ఉంది. సందేహానికి తావు లేనంత గట్టి రుజువు అక్కర్లేదు, తన మాటే ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందని కోర్టుకు అనిపిస్తే చాలు. ఆ నమ్మకం కలగాలన్నా చేతిలో ఏదో ఒక కాగితం ఉండాలి. సంతకం పెట్టిన రోజు నుంచి అప్పు తీరిన రోజు దాకా కాగితం కూడబెట్టనివాడు అక్కడే చిక్కుకుంటాడు.

ఒక లెక్క వేసి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఒక కిరాణా కొట్టు యజమాని 2021 జూన్‌లో 2 లక్షలు అప్పు తీసుకున్నాడనుకుందాం. వడ్డీ నూటికి మూడు రూపాయలు, అంటే నెలకు 6,000. మొదటి నెల వడ్డీ ముందే కోసుకుని చేతికి 1,94,000 ఇచ్చారు. అతను రెండు ఖాళీ చెక్కులు, ఒక ఖాళీ నోటు ఇచ్చాడు. ఏడాది పాటు వడ్డీ కట్టాడు, మొత్తం 72,000. తర్వాత అసలులో లక్ష తీర్చాడు. మిగిలిన లక్షకు పది నెలలు మూడేసి వేల చొప్పున 30,000 కట్టాడు. 2023 ఏప్రిల్‌లో మరో 50,000 ఇచ్చాడు. రెండు లక్షల అప్పుకు మొత్తం 2,52,000 కట్టాక ఇంకా 50,000 అసలు మిగిలింది. అంతా నగదే. వ్యాపారి తన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు, కొట్టు యజమాని గుర్తు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత కొట్టు సరిగ్గా నడవలేదు. వడ్డీ ఆగింది. మాటా మాటా పెరిగింది. 2025 మార్చి 3 తేదీతో ఒక చెక్కు బయటికి వచ్చింది. అందులో అంకె 5,00,000. పేరు వ్యాపారిది కూడా కాదు, అతని బావమరిదిది. కొట్టు యజమాని ఆ మనిషిని ఎన్నడూ చూడలేదు. పేరు గడి కూడా ఖాళీగానే ఇచ్చాడు కాబట్టి అందులో ఎవరి పేరైనా పడుతుంది.

చెక్కు ఇచ్చి నాలుగేళ్లు కావస్తోంది కదా, చెల్లుతుందా అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. చెక్కు మూడు నెలలే చెల్లుతుందన్న మాట నిజమే. 2012 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు అమలు చేస్తున్న నిబంధన అది. కానీ ఆ మూడు నెలల లెక్క చెక్కు మీద రాసిన తేదీ నుంచి మొదలవుతుంది, ఇచ్చిన రోజు నుంచి కాదు. చెక్కు కుడివైపు పైన తేదీ కోసం ఎనిమిది చిన్న గడులు ఉంటాయి. అవి ఖాళీగా ఉన్నంత కాలం చెక్కుకు వయసే రాదు. నోటుదీ ఇదే కథ. నోటు మీద దావా వేయడానికి మూడేళ్ల గడువు. తేదీ లేని నోటులో ఏ తేదీ వేసుకుంటే ఆ రోజు నుంచే మూడేళ్లు. కాలదోషం పట్టిన అప్పు ఒక్క కలం గీతతో కొత్తదైపోతుంది.

మార్చి 5న బ్యాంకు నుంచి రిటర్న్ మెమో వచ్చింది, ఖాతాలో సరిపడా డబ్బు లేదని. ఇక్కడి నుంచి 138వ సెక్షన్ గడియారం తిరుగుతుంది. మెమో అందిన 30 రోజుల్లోపు చెక్కు పుచ్చుకున్నవారు నోటీసు పంపాలి. అది అందాక 15 రోజుల్లో డబ్బు కట్టాలి. కట్టకపోతే, ఆ తర్వాత నెల రోజుల్లోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. మన కొట్టు యజమానికి మార్చి 24న లాయర్ నోటీసు అందింది. ఏప్రిల్ 8 దాకా గడువు. భయపడి, ఎవరో చెప్పిన మాట విని, జవాబు ఇవ్వకుండా ఊరుకున్నాడు. కొందరైతే పోస్ట్‌మ్యాన్ వస్తే తలుపు తీయరు, కవరు తీసుకోరు. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసును తీసుకోకుండా తిప్పి పంపినా అది అందినట్టే లెక్క.

జవాబు ఇవ్వకపోవడం ఈ కేసుల్లో పెద్ద పొరపాటు. ఫలానా తేదీన 2 లక్షలు తీసుకున్నాను, ఇంత కట్టాను, ఫలానా నంబరు చెక్కు హామీగా ఖాళీగా ఇచ్చాను, 5 లక్షలు నేను ఎన్నడూ తీసుకోలేదు అని ఆ పదిహేను రోజుల్లోనే రాతపూర్వకంగా చెప్పి ఉంటే, రెండేళ్ల తర్వాత బోనులో అదే మాట చెప్పినప్పుడు దానికి బలం ఉంటుంది. మొదటిసారి బోనులోనే చెబితే, కేసు పడ్డాక అల్లిన కథలా వినిపిస్తుంది.

కేసు నడిచేటప్పుడు కూడా డబ్బు భారం ఆగదు. 2018 సవరణ ప్రకారం నిందితుడు నేరం ఒప్పుకోనన్నాక, చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం కట్టమని కోర్టు ఆదేశించవచ్చు. 5 లక్షల చెక్కుకు అది లక్ష రూపాయల దాకా. ప్రతి కేసులోనూ తప్పనిసరిగా వేయాల్సింది కాదని, కారణాలు చూసి నిర్ణయించాలని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. మిగిలి ఉన్న బాకీ 50,000 అన్న సంగతి గుర్తుంచుకుని ఈ అంకెలు చూడాలి. ఇదంతా చెక్కు సంగతే. ఖాళీ నోటు ఇంకా వ్యాపారి బీరువాలోనే ఉంది. దాని మీద సివిల్ దావా వేరే వేయవచ్చు.

అయితే కొట్టు యజమానికి దారి లేదా? ఉంది. ఇక్కడే అసలు తేడా తెలుస్తుంది.

గుజరాత్ నుంచి వచ్చిన ఒక కేసులో 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అప్పు తీసుకున్నవారికి బాగా పనికొచ్చేది. అక్కడ 20 లక్షల అప్పుకు హామీగా 20 లక్షల చెక్కు ఉంది. చెక్కు బ్యాంకులో వేసేనాటికి అప్పు తీసుకున్నతను 4,09,315 రూపాయలు తీర్చేశాడు. అయినా చెక్కు మొత్తం 20 లక్షలకూ వేశారు. చెక్కును బ్యాంకులో వేసిన రోజున అందులోని అంకె నిజంగా రావాల్సిన బాకీతో సరిపోవాలని, కొంత తీరి ఉంటే ఆ చెల్లింపును చెక్కు మీదే రాసి మిగతా మొత్తానికే వేయాలని కోర్టు చెప్పింది. అలా చేయలేదు కాబట్టి 138వ సెక్షన్ కింద నేరం నిలవలేదు.

ఆ మనిషిని కాపాడింది ఆ నాలుగు లక్షల పైచిలుకు లెక్క. ఎంత కట్టాడో రూపాయితో సహా తేలింది కాబట్టే ఆ వాదన నిలబడింది. మన కొట్టు యజమాని అసలులో కట్టిన లక్ష గనక బ్యాంకు ఖాతా నుంచో ఫోన్‌పే నుంచో వెళ్లి ఉంటే, 5 లక్షల చెక్కు కథ అక్కడే కుంటుపడేది. అప్పు తీసుకున్న రోజు, కట్టిన రోజులు, మొత్తాలు అన్నీ బ్యాంకు స్టేట్‌మెంటులో సాక్ష్యాలుగా కూర్చునేవి. నగదు ఇవ్వడం వల్ల ఆ సాక్ష్యం వ్యాపారి చిన్న పుస్తకంలోనే ఉండిపోయింది. ఆ పుస్తకం కోర్టుకు రాదు.

నగదే కట్టినా కొన్ని ఆధారాలు వెతికితే దొరుకుతాయి. చెక్కు నంబరు వాటిలో ఒకటి. 2021లో తీసుకున్న చెక్కు పుస్తకంలో ఆ చెక్కుకు ముందూ వెనకా ఉన్న ఆకులన్నీ అదే ఏడాది ఖర్చయ్యాయని, ఈ ఒక్కటే నాలుగేళ్ల తర్వాత వచ్చిందని బ్యాంకు స్టేట్‌మెంటు చూపిస్తే, అప్పుడెప్పుడో హామీగా ఇచ్చిందన్న మాటకు ప్రాణం వస్తుంది. సంతకం ఒక సిరాతో, మిగతా రాత మరో సిరాతో ఉన్నా అదొక్కటే చాలదు, మిగతా ఆధారాలకు తోడవుతుంది. ఇంకో ప్రశ్న: ఆ బావమరిదికి 5 లక్షలు అప్పు ఇచ్చే స్తోమత ఉందా? ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చి ఇచ్చాడు? అప్పిచ్చిన మనిషి ఆర్థిక స్తోమతను నిందితుడు గట్టిగా ప్రశ్నిస్తే, దాన్ని చూపించాల్సింది ఫిర్యాదుదారేనని 2019లో కర్ణాటకకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ 6 లక్షల చెక్కు కేసులో నిందితుడు బయటపడ్డాడు.

"ఇరవై వేలు దాటి నగదు అప్పు చట్టవిరుద్ధం, కాబట్టి ఆ అప్పే చెల్లదు" అన్న వాదనను కూడా కొందరు నమ్ముకుంటారు. ఆదాయపు పన్ను చట్టంలో అలాంటి నిషేధం ఉన్న మాట నిజం. దానికి పడే జరిమానా మాత్రం నగదు పుచ్చుకున్నవారి మీదే. అప్పు చెల్లకుండా పోదని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ దారి మూసుకుపోయినట్టే.

ముందు తేదీ వేసిన చెక్కుల సంగతి కొంచెం వేరు. వాహన రుణానికో వ్యాపార రుణానికో ఫైనాన్స్ కంపెనీలు వాయిదాకు ఒకటి చొప్పున ముందు తేదీలతో చెక్కులు తీసుకునేవి. ఇప్పుడు చాలాచోట్ల ఖాతా నుంచి వాయిదా దానంతట అదే పోయే ఏర్పాటు వచ్చింది. అయినా హామీ కింద కొన్ని చెక్కులు అడగడం పూర్తిగా పోలేదు. ముందు తేదీ చెక్కును ఆ తేదీ రాకముందు బ్యాంకు చెల్లించదు. తేదీ వచ్చేసరికి బాకీ ఉంటే మాత్రం అది మామూలు చెక్కే. ఆంధ్రప్రదేశ్‌లో బయోమాస్ విద్యుత్ కేంద్రం పెట్టడానికి ఒక కంపెనీ 11.50 కోట్ల రుణం తీసుకుని వాయిదాలకు ముందు తేదీ చెక్కులిచ్చింది. అవి తిరిగొచ్చాక, ఒప్పందంలో వాటిని 'సెక్యూరిటీ' అన్నారు కాబట్టి కేసు చెల్లదని కంపెనీ డైరెక్టరు వాదించారు. 2016లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పేరు సెక్యూరిటీ అయినా, చెక్కు మీది తేదీ నాటికి వాయిదా బాకీ పడి ఉంటే 138వ సెక్షన్ వర్తిస్తుందని చెప్పింది.

ఖాతా నుంచి దానంతట అదే పోయే వాయిదా డబ్బు లేక ఆగినా, 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం కింద దాదాపు ఇదే శిక్ష ఉంది. చెక్కు ఇవ్వలేదు కదా అని నిశ్చింతగా ఉండే వీలు లేదు.

ఇక అప్పు అవసరం తనది కాకుండానే చెక్కు ఇచ్చేవాళ్లు ఉన్నారు. స్నేహితుడి అప్పుకు షూరిటీగా వెళ్లిన టీచర్లు, గుమస్తాలు. నెల తిరిగేసరికి జీతం వస్తుంది కాబట్టి వడ్డీ వ్యాపారికి వాళ్ల సంతకమే గట్టి హామీ. మొహమాటానికి ఒక చెక్కు సంతకం చేసి ఇస్తారు. "అప్పు నేను తీసుకోలేదు కదా" అన్నది అక్కడ పనికిరాదు. చట్టంలో 'అప్పు లేదా ఇతర బాధ్యత' అని ఉంది, హామీదారు బాధ్యత కూడా అందులోకి వస్తుందని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంతా తెలిసినా డబ్బు అవసరం పడ్డ మనిషి చెక్కు ఇవ్వనని చెప్పగలిగే స్థితిలో ఉండకపోవచ్చు. ఇవ్వక తప్పదనుకుంటే, ఖాళీగా ఇవ్వకుండా ఉండటానికైనా గట్టిగా ప్రయత్నించాలి. పేరు, అంకె, అక్షరాల్లో మొత్తం తన చేత్తో రాయాలి. అక్షరాల తర్వాత మిగిలిన చోట గీత గీయాలి. ఎందుకంటే ఖాళీని నింపడం వేరు, రాసినదాన్ని మార్చడం వేరు. 50,000 ముందు ఐదు చేర్చి 5,50,000 చేస్తే అది దిద్దుబాటు. అవతలివారి అనుమతి లేకుండా అలా ముఖ్యమైన మార్పు చేస్తే ఆ కాగితమే చెల్లదని 87వ సెక్షన్ అంటుంది. ఖాళీ గడిని నింపినవాడికి ఆ భయం లేదు. సంతకం పెట్టేవారి చేతిలో ఉన్న రక్షణల్లో ఇంత తేలికైనది మరొకటి లేదు, దీన్నే ఎక్కువమంది వదిలేసుకుంటున్నారు.

ఇచ్చే ముందు చెక్కునూ నోటునూ ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. చెక్కు నంబరు, అప్పు మొత్తం, తేదీ రాసి, ఇది ఈ అప్పుకు హామీగా పుచ్చుకున్నానని ఒక చీటీ మీద వ్యాపారి సంతకం అడగాలి. ఇవ్వనంటే, అదే సంగతి వాట్సాప్‌లో మర్యాదగా రాసి పంపవచ్చు: "అన్నా, ఈ రోజు మీ దగ్గర 2 లక్షలు తీసుకుని ఫలానా నంబరు చెక్కు ఇచ్చాను." అవతలి నుంచి "సరే" అని వస్తే అది కూడా ఆధారమే. వడ్డీ, అసలు బ్యాంకు ద్వారానే కట్టాలి. నోటు ఉన్నప్పుడు కట్టిన ప్రతిసారీ దాని వెనక చెల్లు రాయించుకునే పద్ధతి మన ఊళ్లలో పాతదే. పెద్దవాళ్లు పట్టుబట్టి రాయించేవాళ్లు. దాన్ని మళ్లీ అలవాటు చేసుకోవాలి. ఆ చెల్లు పేజీని కూడా ఫొటో తీయాలి.

బాకీ తీరిన రోజు అసలైన పని ఉంటుంది. "బీరువా తాళం లేదు, రేపు వెతికి ఇస్తా" అన్న మాట ఈ వ్యాపారంలో బాగా వినిపిస్తుంది. చివరి విడత డబ్బు కాగితాలు చేతికొచ్చాకే ఇవ్వాలి. అప్పటికే ఇచ్చేసి ఉంటే, తీరిన అప్పు వివరాలు, చెక్కు నంబర్లు రాసి, తిరిగి ఇవ్వమని స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాలి. రసీదు దాచుకోవాలి. బ్యాంకుకు కూడా ఆ నంబర్లతో స్టాప్ పేమెంట్ రాసివ్వాలి. స్టాప్ పేమెంట్ చేస్తే కేసు రాదనుకోకూడదు, వస్తుంది. కానీ ఖాతాలో డబ్బు ఉండి, బాకీ లేకపోవడం లాంటి న్యాయమైన కారణంతోనే ఆపించానని చూపగలిగితే నేరం నిలవదని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. చెక్కు నిండకముందే, గొడవ రాకముందే తేదీతో బ్యాంకుకు ఇచ్చిన ఉత్తరం అప్పుడు చాలా విలువైనది.

చెక్కులు తిరిగొచ్చాక వాటి నంబర్లను ఫొటోలతో పోల్చి చూసుకోవాలి. నోటు మీద 'పూర్తిగా చెల్లు' అని తేదీతో రాసి వ్యాపారి సంతకం చేయాలి. చెక్కు మీద సంతకం ఉన్న మూలను చించేసి, మిగతా ముక్కను నోటుతో పాటు ఇంట్లో దాచుకోవాలి. రెండు చెక్కులు ఇచ్చినచోట ఒకటే తిరిగొస్తే, రెండోది రానిదే చివరి విడత చేతులు మారకూడదు.